శనివారం గది 2,880కి ఎలా పోయింది?

అరకులో పదహారు గదుల హోటల్ ఒకటి ఉందనుకుందాం. డిసెంబరు నెల, చలి బాగా పట్టుకున్న రోజులు. అక్కడ డీలక్స్ గది మామూలు రాత్రుళ్లకు 3,200 రూపాయలు, శుక్ర, శనివారాల రాత్రుళ్లకు 5,600. విశాఖ నుంచి జనం ఎగబడి వచ్చేది ఆ రెండు రాత్రుళ్లకే కాబట్టి యజమాని ఏడాది లెక్కలన్నీ ఈ చలికాలపు వారాంతాల చుట్టూనే తిరుగుతుంటాయి. డిసెంబరు 17 బుధవారం సాయంత్రం రిసెప్షన్ కుర్రాడు ఫోన్ చేసి, ‘సార్, ఇరవయ్యో తారీకు శనివారానికి ఐదు డీలక్సులు పోయాయి’ అన్నాడు. యజమాని సంతోషం అరనిమిషం కూడా నిలవలేదు. ఎందుకంటే కుర్రాడు ఆ వెంటనే రేటు చెప్పాడు: ఒక్కో గది 2,880.

ఇలాంటప్పుడు ఎవరికైనా ముందు వచ్చేది కోపం. ఆ కోపంలోనే బుకింగ్ సైటు సపోర్టుకు ఒక మెసేజ్ వెళ్తుంది: ‘మీ సైటులో మా వీకెండ్ రేటు తప్పుగా చూపిస్తున్నారు. వెంటనే సరిచేయండి. మాకు చాలా నష్టం వస్తోంది.’ ఇందులో అబద్ధమేమీ లేదు, కానీ అవతలివాళ్లకు పనికొచ్చే ముక్క కూడా లేదు. ఏ గది, ఏ రాత్రి, ఏ ప్లాన్, ఎంత ఉండాలి, ఎంత ఉంది, ఎక్కడ చూశారు అన్నవేవీ లేవు. కాబట్టి దీనికి వచ్చే జవాబు ముందే రాసిపెట్టిన మూడు వాక్యాలు: మీ ఇబ్బందికి చింతిస్తున్నాం, రేట్లను మీరు ఎక్స్‌ట్రానెట్‌లో సరిచూసుకోండి, ఇంకేదైనా సాయం కావాలంటే చెప్పండి. ఒక రోజు పోతుంది. ఈలోగా మరో నాలుగు గదులు పోతాయి.

సపోర్టు వాళ్ల వైపు నుంచి చూస్తే ఆ జవాబు పూర్తిగా బాధ్యతారాహిత్యం కాదు. తెర మీద అతిథికి కనిపించే అంకె హోటల్ నుంచి నేరుగా అక్కడికి చేరదు. చాలా హోటళ్లలో రేటు ముందు హోటల్ సాఫ్ట్‌వేర్‌లోనో, చానల్ మేనేజర్‌లోనో పడుతుంది. చానల్ మేనేజర్ అంటే ఒక్కచోట మార్చిన రేటును నాలుగైదు బుకింగ్ సైట్లకు ఒకేసారి పంపే సాఫ్ట్‌వేర్. అక్కడి నుంచి ఆ రేటు బుకింగ్ సైటు హోటళ్లకు ఇచ్చే లోపలి పేజీకి, అంటే ఎక్స్‌ట్రానెట్‌కు చేరుతుంది. ఆ తర్వాత దాని మీద డిస్కౌంట్లు పడతాయి, పన్ను విడిగానో కలిపో కనిపిస్తుంది, చివరికి అతిథి ఫోన్‌లోకి వస్తుంది. ఈ దారిలో ఎక్కడ తేడా వచ్చినా యజమానికి కనిపించేది ఒక్కటే: ‘రేటు తప్పు’. ఫలానా మలుపు దగ్గర తేడా వచ్చిందని చూపించగలిగితేనే ఫిర్యాదు ముందుకు కదులుతుంది.

అయితే రాయడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. రక్తం కారుతుంటే ముందు కట్టు కట్టాలి. ఎక్స్‌ట్రానెట్ క్యాలెండర్‌లోకి వెళ్లి ఆ గది, ఆ ప్లాన్, ఆ రాత్రికి మాత్రమే అమ్మకం ఆపేయాలి. హోటల్ మొత్తాన్ని మూసేయకూడదు. అలా మూస్తే సరైన రేటుకు అమ్ముడయ్యే మిగతా గదులు కూడా కనబడకుండా పోతాయి, శనివారం కోసం వెతికేవాళ్లు పక్క హోటల్‌కు వెళ్లిపోతారు. ఇంకో సంగతి: ఆపడానికి ముందే తెర ఫొటోలు తీసుకోవాలి. అమ్మకం ఆపాక ఆ తప్పు అంకె కూడా మాయమవుతుంది, దానితోపాటే సాక్ష్యమూ పోతుంది.

ఇప్పుడు ఆ 2,880ని కాస్త స్థిమితంగా చూడాలి. బుకింగ్ సైట్లలో తప్పు రేటు చాలావరకు ఎక్కడి నుంచో ఊడిపడ్డ అంకె కాదు. అది పుట్టిన చోటు అందులోనే కనిపిస్తుంది. ఈ హోటల్ ఫోన్‌లో బుక్ చేసేవాళ్లకు పది శాతం తగ్గింపు ఇస్తోంది. 2,880ని 0.9తో భాగిస్తే సరిగ్గా 3,200 వస్తుంది. అది మామూలు రోజు రేటు. అంటే శనివారం రేటు మీద ఎవరో పెద్ద డిస్కౌంటు వేయలేదు. శనివారానికి అసలు శనివారం రేటే పడలేదు.

అదే 3,629 కనిపించి ఉంటే కథ వేరుగా ఉండేది. 5,600 మీద సైటు సభ్యులకిచ్చే పది శాతం తీస్తే 5,040, దాని మీద ఫోన్ తగ్గింపు పది శాతం తీస్తే 4,536, దాని మీద సీజన్ ఆఫర్ ఇరవై శాతం తీస్తే దాదాపు 3,629. ఈ మూడింటికీ వేర్వేరు నెలల్లో ‘సరే’ అని నొక్కింది హోటలే అయివుంటుంది. విడివిడిగా చూస్తే చిన్నవే, ఒకదాని మీద ఒకటి పడితే రేటులో మూడోవంతుకు పైగా పోతుంది. ఏ ఆఫర్లు ఒకదానితో ఒకటి కలుస్తాయో, ఏవి కలవవో ప్రతి సైటుకూ ఒక పద్ధతి ఉంటుంది. అలాంటప్పుడు ఫిర్యాదు రాయడం దండగ, ఆఫర్ల పేజీలోకి వెళ్లి ఒకటి రెండు తీసేస్తే సరిపోతుంది.

మరో ఉచ్చు రోజుల లెక్కలో ఉంది. బుకింగ్ సైట్లు రోజులను కాదు, రాత్రుళ్లను లెక్కిస్తాయి. శుక్రవారం సాయంత్రం దిగి ఆదివారం పొద్దున ఖాళీ చేసే అతిథి ఉండేది శుక్రవారం రాత్రి, శనివారం రాత్రి. కానీ సెలవు రోజులు శని, ఆదివారాలే కదా అని ఆ రెండింటికీ టిక్ పెట్టే మేనేజర్లున్నారు. అప్పుడు జనం విరగబడే శుక్రవారం రాత్రి మామూలు రేటుకు పోతుంది, అందరూ ఇంటిదారి పట్టిన ఆదివారం రాత్రి గది 5,600 దగ్గర ఖాళీగా ఉంటుంది. శుక్రవారం తక్కువగానూ ఆదివారం ఎక్కువగానూ కనబడితే, తొంభై పాళ్లు తప్పు మన టిక్కుల్లోనే ఉందని అనుకోవచ్చు. మన అరకు హోటల్‌లో అలా లేదు. శుక్ర, శనివారాలకే టిక్ ఉంది.

ఇక తప్పు ఎవరిదో తేల్చేది రెండు తెరల పోలిక. ఒకటి ఎక్స్‌ట్రానెట్‌లో శనివారం గడి. రెండోది అతిథికి కనిపించే పేజీ. ఎక్స్‌ట్రానెట్ గడిలోనే 3,200 ఉంటే కొత్త రేటు అక్కడిదాకా చేరలేదన్నమాట. అప్పుడు అడగాల్సింది చానల్ మేనేజర్ కంపెనీని, బుకింగ్ సైటును కాదు. గడిలో 5,600 ఉండి అతిథి పేజీలో 3,200 కనిపిస్తే బంతి బుకింగ్ సైటు కోర్టులో ఉన్నట్టు.

అతిథి పేజీని చూసే పద్ధతి కూడా ముఖ్యమే. యజమాని తన ఫోన్‌లో, తన సభ్యత్వంతో లాగిన్ అయి చూస్తే కనిపించేది డిస్కౌంట్లు పడ్డ రేటు. కంప్యూటర్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, లాగిన్ కాకుండా, ఇద్దరు పెద్దలకు, ఒక్క రాత్రికి వెతకాలి. ఒక్కరికే వెతికితే కొన్ని సైట్లు ఒంటరి అతిథికి పెట్టిన తక్కువ రేటు చూపిస్తాయి, మూడు రాత్రుళ్లకు వెతికితే ఎక్కువ రోజులు ఉండేవాళ్లకిచ్చే తగ్గింపు దూరుతుంది. ఇవన్నీ తీసేసి చూసినప్పుడు అరకు హోటల్‌కు కనిపించింది ఇది: టిఫిన్‌తో కలిపి ఇచ్చే ప్లాన్, హోటల్ వాళ్ల మాటల్లో సీపీ, శనివారానికి సరిగ్గానే ఉంది. టిఫిన్ లేకుండా గది మాత్రమే ఇచ్చే ఈపీ ప్లాన్ మాత్రం 3,200 చూపిస్తోంది. ఎక్స్‌ట్రానెట్‌లో అదే ఈపీ గడిలో 5,600 ఉంది. గది అదే, రాత్రి అదే, ఒక్క ప్లాన్‌లోనే తేడా. ఫిర్యాదుకు ఇంతకన్నా బలమైన ఆధారం దొరకదు.

పన్ను దగ్గర కూడా ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే తప్పు కాని రేటు తప్పుగా కనబడేది ఎక్కువగా ఇక్కడే. 2025 సెప్టెంబరు 22 నుంచి రాత్రికి 7,500 రూపాయల వరకు ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. కొన్ని తెరలు పన్నును విడిగా చూపిస్తాయి, కొన్ని కలిపి. 5,600 గది పన్నుతో 5,880 అవుతుంది. దాన్ని చూసి ‘మా రేటు పెంచేశారు’ అని రాస్తే నవ్వుకుంటారు. 7,500 హద్దు దగ్గరైతే తేడా మరీ విచిత్రంగా ఉంటుంది. 7,500 గదికి అతిథి కట్టేది 7,875. హోటల్ ఇంకో వంద పెంచి 7,600 చేస్తే పన్ను 1,368 అయి అతిథికి 8,968 పడుతుంది. వంద రూపాయల పెంపు బిల్లులో 1,093 రూపాయలై కూర్చుంటుంది. కాబట్టి ఫిర్యాదులో ఎప్పుడూ పన్ను లేని రేటును పన్ను లేని రేటుతోనే పోల్చాలి, ఆ మాట రాయాలి కూడా.

ఇంత చూసుకున్నాక మెసేజ్ రాయడం పెద్ద పనేమీ కాదు. మామూలుగా అది ఇంగ్లీషులోనే వెళ్తుంది. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది:

‘విషయం: డీలక్స్ గది, ఈపీ ప్లాన్, డిసెంబరు 20 రాత్రి. ఎక్స్‌ట్రానెట్‌లో 5,600, అతిథి పేజీలో 3,200. మా హోటల్ ఐడీ పైన ఉంది.

‘నమస్కారం. డిసెంబరు 20 శనివారం చెకిన్, 21 ఆదివారం చెకౌట్, ఇద్దరు పెద్దలు, ఒక గది. పై గదికి ఈపీ ప్లాన్‌లో మీ సైటు 3,200 చూపిస్తోంది. మేము పెట్టిన రేటు 5,600. రెండూ పన్ను లేకుండా. డిసెంబరు 17 సాయంత్రం 6.40కి కంప్యూటర్‌లో, లాగిన్ కాకుండా చూశాం. అదే గదికి అదే రాత్రి సీపీ ప్లాన్ రేటు సరిగ్గా ఉంది.

‘5,600 రేటు మా చానల్ మేనేజర్ నుంచి మీకు అందినట్టు వచ్చిన లాగ్‌ను, ఎక్స్‌ట్రానెట్ క్యాలెండర్ ఫొటోను, అతిథి పేజీ ఫొటోను జతచేస్తున్నాం. 3,200 మా మామూలు రోజు రేటు. ఫోన్‌లో వచ్చిన ఐదు బుకింగులు 2,880కి పడ్డాయి, అంటే 3,200లో పది శాతం ఫోన్ తగ్గింపు పోగా మిగిలింది. కాబట్టి ఇది డిస్కౌంట్ల వల్ల వచ్చిన తేడా కాదు.

‘ఈ ప్లాన్‌ను ఆ రాత్రికి మేమే ప్రస్తుతం ఆపాం. మూడు విషయాలు కోరుతున్నాం: ఈపీ రేటు అతిథి పేజీకి ఎందుకు చేరడం లేదో మీ సాంకేతిక విభాగంతో చూపించండి. రాబోయే శుక్ర, శనివారాల్లో ఇంకెక్కడైనా ఇదే తేడా ఉందేమో చెప్పండి. జతచేసిన ఐదు బుకింగుల విషయంలో మీ నిర్ణయం రాతపూర్వకంగా తెలపండి. టికెట్ నంబరు పంపగలరు.’

ఇందులో గమనించాల్సింది, కారణం ఇదేనని హోటల్ ఎక్కడా తీర్పు చెప్పలేదు. ‘మీ సర్వర్ పాడైంది’, ‘మీ సాఫ్ట్‌వేర్‌లో బగ్ ఉంది’ అని రాస్తే, అది కాదని నిరూపించడం మీదే జవాబంతా నడుస్తుంది. కనబడినవి మాత్రమే చెప్పి, డిస్కౌంటు అనే తేలికైన సాకును ముందే మూసేస్తే, మొదటి మెట్టు ఉద్యోగి చేతిలో ఉండే రెడీమేడ్ జవాబుల్లో ఇక్కడ సరిపోయేది మిగలదు. ఆ టికెట్‌ను పై విభాగానికి పంపక తప్పదు. ఫొటోల్లో తేదీ, గంట, పేజీ అడ్రసు కనిపించాలి. కత్తిరించిన ఫొటోలో అంకె ఒక్కటే ఉంటే అది ఏ రాత్రి రేటో ఎవరూ చెప్పలేరు.

జవాబు రాకపోతే కొత్త టికెట్ తెరవాలనిపిస్తుంది. తెరవకూడదు. కొత్తది కొత్త మనిషి చేతికి వెళ్లి మళ్లీ మొదటి ప్రశ్నతో మొదలవుతుంది. పాత టికెట్‌లోనే రాస్తూ, ఆ నంబరును తమ ప్రాంతాన్ని చూసే అకౌంట్ మేనేజర్‌కు పంపడం మేలు. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలనీ, నెలలో పరిష్కరించాలనీ చెబుతాయి. ఆ నిబంధనను ఉటంకిద్దామని ఏ యజమానికైనా అనిపిస్తే, అది గది కొనుక్కునే అతిథి కోసం పెట్టింది. గది అమ్మే హోటల్‌కు ఆధారం సైటుతో కుదుర్చుకున్న ఒప్పందమే. చాలా ఒప్పందాల్లో సైటు తన బాధ్యతకు ముందే ఒక హద్దు గీసుకుని ఉంటుంది.

అసలు చిక్కు ఆ ఐదు బుకింగులతో. వాటిని రద్దు చేసేయమని రిసెప్షన్‌కు చెప్పడం తేలిక, కానీ అతిథి చేతిలో కన్ఫర్మేషన్ ఉంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఒక పక్షం మాత్రమే ఒక వాస్తవం విషయంలో పొరబడినంత మాత్రాన ఒప్పందం రద్దుచేయదగినది అయిపోదు. సైట్ల షరతుల్లో మాత్రం చిన్న వెసులుబాటు ఉంటుంది. ఉదాహరణకు బుకింగ్.కామ్ షరతులు, చూడగానే తప్పని తెలిసిపోయే రేటుకు కట్టుబడనక్కర్లేదంటాయి. 5,600 గది 56 రూపాయలకు కనబడితే ఆ వాదన నిలబడుతుంది. 2,880 దగ్గర నిలబడదు. సగం ధర ఆఫర్లు రోజూ కనబడే చోట, అరకులో డీలక్స్ గది 2,880కి దొరికితే అదృష్టం బాగుందనుకుంటాడు కానీ, తప్పు జరిగిందని ఏ అతిథీ అనుకోడు. ఇక చెకిన్ దగ్గర ‘బాబూ, ఇంకో రెండు వేలు కట్టండి’ అనడం అన్నిటికన్నా చెడ్డ మార్గం. రేటు తప్పు సైటుదే అయినా, కౌంటర్ దగ్గర అడిగిన డబ్బు హోటల్ తప్పుగా మారుతుంది. ఆ ఐదుగురికీ చెప్పిన రేటుకే గది ఇచ్చి, తేడా కోసం సైటునే అడగడం వ్యాపారంలో మంచి లెక్క.

ఆ తేడా ఎంత? ఇక్కడ చాలామంది తొందరపడి పెద్ద అంకె వేస్తారు. 5,600 నుంచి 2,880 తీసి ఐదుతో హెచ్చిస్తే 13,600 వస్తుంది. కానీ ఆ ఐదు బుకింగులూ ఫోన్‌లో వచ్చినవి, వాటికి పది శాతం తగ్గింపు ఇవ్వడానికి హోటల్ ముందే ఒప్పుకుంది. కాబట్టి రావలసింది 5,040. పైగా అందులో సైటు కమీషన్ పోతుంది. కమీషన్ 20 శాతం అనుకుంటే, సరైన రేటుకు హోటల్ చేతికొచ్చేది 4,032, వచ్చింది 2,304. గదికి నష్టం 1,728, ఐదు గదులకు 8,640. కమీషన్ మీద జీఎస్టీని ఇక్కడ పక్కనపెట్టాం. 13,600 అడిగితే దాన్ని కొట్టిపారేయడానికి అవతలివాళ్లకు రెండు కారణాలు దొరుకుతాయి. 8,640కి దొరకడం కష్టం, ఎందుకంటే ఆ లెక్కను వాళ్ల కమీషన్ బిల్లుతోనే సరిచూడవచ్చు.

తప్పు రేటు ఒక్క సైటు గోడల మధ్యే ఉండిపోదన్నది ఇంకో తలనొప్పి. పది సైట్ల రేట్లను ఒకే చోట పోల్చి చూపే పేజీలు దాన్ని కొన్ని గంటల్లోనే ఎత్తుకుంటాయి. మిగతా సైట్ల వాళ్లు ‘అక్కడ తక్కువకు ఇచ్చి మాకెందుకు ఎక్కువ పెట్టారు’ అని అడుగుతారు. ఒకప్పుడు ఇలాంటి ప్రశ్నకు ఒప్పందంలోనే బలం ఉండేది. 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా మేక్‌మైట్రిప్, గోఐబిబోలకు 223.48 కోట్ల జరిమానా విధిస్తూ, ఇంకెక్కడా ఇంతకన్నా తక్కువకు అమ్మకూడదన్న తరహా షరతులను ఒప్పందాల నుంచి తీసేయమని ఆదేశించింది. అయినా ఆచరణలో ఫోన్లు మాత్రం వస్తూనే ఉంటాయి. అలాంటి ఫోన్ వచ్చినప్పుడు అక్కడ కూడా రేటు తగ్గించేస్తే ఒక్క సైటు తప్పు అన్ని సైట్లకూ పాకుతుంది. టికెట్ నంబరు చెప్పి, అది తప్పు రేటని రాసి ఊరుకోవడమే చేయదగ్గది.

మన అరకు హోటల్‌కు మర్నాటి సాయంత్రం సాంకేతిక విభాగం నుంచి జవాబు వచ్చిందనుకుందాం. నెల కిందట ఆ హోటల్‌కున్న రెండు ఈపీ ప్లాన్లను సైటు ఒకటిగా కలిపింది. ఎక్స్‌ట్రానెట్ కొత్త ప్లాన్‌ను చూపిస్తోంది, అతిథి పేజీ మాత్రం పాత ప్లాన్‌ను చదువుతోంది. పాతదానిలో ఏడు రాత్రుళ్లకూ ఒకే రేటు, 3,200. వారాంతం రేటు దానికి ఎన్నడూ పెట్టలేదు. నవంబరులో ఎవరూ గమనించకపోవడానికి కారణం చిన్నదే: అప్పటి శనివారాలకు ఎక్కువమంది సీపీ తీసుకున్నారు. పాత ప్లాన్‌ను తీసేశామని వాళ్లు రాశాక, ఈపీని మళ్లీ తెరిచే ముందు హోటల్ వాళ్లు డిసెంబరు 26, 27 రాత్రుళ్లనూ, కొత్త సంవత్సరం రోజులనూ, సంక్రాంతి వారాన్నీ ఇన్‌కాగ్నిటో విండోలో ఒక్కొక్కటిగా చూసుకున్నారు. రద్దు చేసుకునే వీలున్న ఒక పరీక్ష బుకింగ్ కూడా చేసి, కన్ఫర్మేషన్‌లో 5,600 పడిందని తేలాక దాన్ని రద్దుచేశారు.

నష్టపరిహారం విషయంలో వచ్చిన జవాబు సగం అవును, సగం కాదు. ఫిర్యాదు అందిన తర్వాత పడ్డ బుకింగులకే తమ బాధ్యత అనీ, అంతకుముందు పడ్డ ఐదింటికి ఒప్పందం ప్రకారం ఏమీ రాదనీ, అయినా సద్భావంతో ఆ ఐదు బుకింగుల కమీషన్‌ను వదిలేస్తామనీ రాశారు. అంటే ఒక్కో గదికి 576, మొత్తం 2,880 రూపాయలు. యజమాని ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద: ఆ మొత్తం జనవరి కమీషన్ బిల్లులో క్రెడిట్ నోట్‌గా, టికెట్ నంబరుతో సహా కనబడాలి.